సరఫరాదారు కోరిన మీదట

చీరాల సాలె వీధుల్లో కోటిలింగం సంగతి అడిగితే, ముందు అతని చేతి గురించి చెప్పేవాళ్ళు. తరవాత కాస్త నవ్వుకుని నోటి గురించి చెప్పేవాళ్ళు.

చేతి గురించి ఎవరికీ పేచీ లేదు. కూలి మగ్గం మీద బతికిన వాళ్ళ నాన్న పని నేర్పకముందే పోయాడు. కోటిలింగం ఇంటింటికీ తిరిగి, గుమ్మాల్లో నిలబడి, చూసి నేర్చుకున్నాడు. మద్రాసు ఎగుమతి కంపెనీ వాళ్ళు రంగుల రుమాళ్ళ నమూనా ఒక అట్టముక్క మీద అతికించి పంపితే, మిగతావాళ్ళు దాన్ని ఎండలో పెట్టి, నీడలో పెట్టి, పోగులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్ళు. కోటిలింగం ఒక్కసారి తిరగేసి చూసి పక్కన పడేసేవాడు. పడుగు చాచాక చూస్తే ఎరుపు పక్కన నలుపు, నలుపు పక్కన పసుపు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేవి. ఆ రుమాళ్ళు ఓడెక్కి ఆఫ్రికా పోతాయని, అక్కడ ఆడవాళ్ళు తలకి చుట్టుకుంటారని కంపెనీ తరఫున సరుకు చూసే మాబు సాహెబ్ చెప్పాడు. కోటిలింగం ఒంగోలు దాటి దక్షిణానికి వెళ్ళింది రెండుసార్లే. అయినా ఆఫ్రికా ఆడవాళ్ళకి ఏ పసుపు నచ్చదో వాళ్ళ మేనమామలా చెప్పేవాడు.

పంతొమ్మిది వందల అరవై మూడు నాటికి అతని నూలు మీద ముప్పై మగ్గాలు నడుస్తున్నాయి. ఆ మగ్గాలు నేతగాళ్ళ ఇళ్ళలోనే ఉండేవి. ఇతను నూలు ఇస్తే వాళ్ళు నేసి తెచ్చేవాళ్ళు. అంతటి షావుకారు అయ్యాక కూడా తన ఇంటి ముందుగదిలో ఒక గుంటమగ్గం ఉంచుకున్నాడు. తెల్లవారాక గుంటలోకి దిగితే అన్నం వేళ దాకా లేచేవాడు కాదు. పేక దారం మోసే నాడె ఆ వైపు నుంచి ఈ వైపుకి పోతుంటే అతని మొహంలో ఒక చిత్రమైన నెమ్మది కనిపించేది. వీధిలోవాళ్ళు పని ఉంటే ఆ వేళకే వచ్చేవాళ్ళు. ఎందుకంటే నేస్తున్నంతసేపూ కోటిలింగం మాట్లాడడు.

ఇక నోరు. కోటిలింగం ఒట్లు వేసేవాడు. వేయడం అందరూ వేస్తారు. ఇతను నిలబెట్టుకునేవాడు, అదే చిక్కు. ఒకనాడు వంకాయ కూరలో ఉప్పెక్కువైందని ఇక వంకాయ ముట్టనన్నాడు. ఉప్పు వేసింది నాంచారమ్మ, శిక్ష వంకాయకి పడింది. పెళ్ళిళ్ళలో గుత్తివంకాయ వడ్డిస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, చెమ్మగిల్లిన కళ్ళతో పక్కవాడి విస్తరి వైపు చూసేవాడు తప్ప ముట్టలేదు. స్టేషను దగ్గర హోటలువాడు చిల్లర తక్కువిచ్చాడని ఆ హోటలు మెట్టెక్కనన్నాడు. ఆ హోటలు చేతులు మారి, పేరు మారి, చివరికి చెప్పుల కొట్టు అయింది. కోటిలింగం చెప్పులు కొనడానికి కూడా ఆ మెట్టెక్కలేదు.

వ్యాపారం మాత్రం నాంచారమ్మ పేరు మీద ఉండేది. నూలు కంట్రోలు రోజుల్లో కోటిలింగం నేతగాళ్ళ సొసైటీలో సభ్యుడు. సభ్యుడికి విడిగా నూలు లైసెన్సు ఇచ్చేది లేదన్నారు. అందుకని భార్య పేరున పెట్టాడు. ఆవిడ మిషను బడిలో నాలుగు తరగతులు చదివింది, గుండ్రంగా సంతకం చేస్తుంది. బోర్డు మీద “నాంచారమ్మ హ్యాండ్‌లూమ్స్” అని ఉన్నా, అమ్మకపు పన్ను రసీదుల మీద ఆవిడ పేరే ఉన్నా, ఎక్కడ సంతకం పెట్టాలో ఇతను వేలితో చూపిస్తే ఆవిడ పెట్టేది. మద్రాసు కంపెనీతో ఆ ఏడాది ఒప్పందం మీదా అలాగే పెట్టింది. నెలకి ఇన్ని తానులు, తానుకి ఎనిమిది రుమాళ్ళు, ఏడాది పొడవునా ఒకటే ధర. ఆ కాగితంలో ఏ మార్పు చేసినా రాతలో ఉండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, లేకపోతే చెల్లదు.

ఎండాకాలం వెళ్ళాక నూలు ధర లేవడం మొదలైంది. యుద్ధం వచ్చిపోయిన మరుసటి ఏడు. మిల్లువాళ్ళు ఏదో ఒక కారణం చెప్పేవాళ్ళు, చెప్పినప్పుడల్లా అరవయ్యో నంబరు నూలు కట్ట మీద ధర పెరిగేది. నేసేవాడికి పెరిగింది, నేయించేవాడికి పెరిగింది, మద్రాసు కాగితంలో మాత్రం పెరగలేదు.

షావుకార్లందరూ సంఘం హాల్లో కూడారు. సంఘం పెద్ద అంకారావు లేచి, “అందరం కలిసి కంపెనీకి ఉత్తరం రాద్దాం. ధర పెంచకపోతే మేం బతకం అని ఉన్నమాట రాద్దాం” అన్నాడు. ఇందులో వాదానికి ఏమీ లేదు. అందరూ సరే అనబోతున్నారు. వెనక బెంచీ మీంచి కోటిలింగం లేచాడు.

“ఇచ్చిన మాటకి విలువ లేదా?” అన్నాడు. “ఏడాది ధర ఒప్పుకున్నాం. నూలు ధర తగ్గి ఉంటే మనం డబ్బు వెనక్కిచ్చేవాళ్ళమా?”

“నూలు తగ్గినప్పుడు చూసుకుందాం లేరా, కూర్చో” అన్నాడు అంకారావు.

కూర్చుని ఉంటే ఈ కథ లేదు. ఎవరో చివర్నించి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కోటిలింగాన్ని పాడుచేశాయి. “నూలు బంగారమైపోనీ. మా ఇంటినించి ఒక్క నయాపైసా ఎక్కువ అడిగామంటే, ఆనాటినించి నేను నాడె ముట్టను” అన్నాడు.

వంకాయ సంగతి అందరికీ తెలుసు.

ఆ మాట తరవాత ఉత్తరం రాయడానికి మిగతావాళ్ళకి కూడా మొహం చెల్లలేదు. అంకారావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వారం కోటిలింగం వీధిలో పోతుంటే జనం లేచి నిలబడ్డారు. మూడు నెలలు తిరిగేసరికి అతని ముప్పై మగ్గాల్లో తొమ్మిది ఆగాయి. పాత ధరకి సరుకిచ్చి కొత్త ధరకి నూలు కొనడం ఎన్నాళ్ళని సాగుతుంది? ఆగిన ఇళ్ళవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుంటే, కోటిలింగం వాళ్ళకి ఇచ్చిన మాట ఎంత గొప్పదో చెప్పేవాడు. వాళ్ళు తల ఊపి, నాంచారమ్మ దగ్గర బియ్యం చేబదులు తీసుకుని వెళ్ళేవాళ్ళు.

దసరా వెళ్ళిన వారానికి మద్రాసు నించి రిజిస్టరు కవరు వచ్చింది. పైన నాంచారమ్మ పేరు. లోపల ఇంగ్లీషు. ఇంగ్లీషు కాగితం వస్తే ఆ వీధికి దిక్కు ఇమ్మానియేలు మాస్టారు. మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన చర్చి కమిటీకి వెళుతూ వెళుతూ అరుగు అంచున కూర్చుని, పైనున్న ఉత్తరం మాత్రం చదివి చెప్పాడు.

“నూలు ధరలు పెరిగిన సంగతి మా దృష్టికి వచ్చింది. పాత ధరకి ఒప్పందం ప్రకారం సరుకు నాణ్యంగా ఇవ్వడం కష్టమని గ్రహించాం. కాబట్టి అసలు ఒప్పందానికి ఒక అనుబంధం చేర్చుకుందామని ప్రతిపాదిస్తున్నాం. ఇదీ సారాంశం.”

“అనుబంధమా?” అంది పక్కింటి సుబ్బరావమ్మ గోడవతల నించి. “మద్రాసులో పెళ్ళికొడుకున్నాడా ఏంటి?”

“పెళ్ళి కాదమ్మా. అసలు కాగితానికి తోక లాంటిది. అసలుది అలాగే ఉంటుంది, తోకలో రాసిన మేరకే మారుతుంది.” మాస్టారు గడియారం చూసుకున్నాడు. “తోక రెండు ప్రతులు లోపలున్నాయి. రేపు పొద్దున చదివి పెడతాను. సంతకం పెట్టి పంపడానికి పదిహేనో తారీకు దాకా గడువుంది లెండి.”

కోటిలింగానికి అంతే చాలు. కండువా వేసుకుని వీధిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు సాయంత్రం దాకా రాలేదు. అంకారావు ఇంటి ముందు మరీ ఆగాడు.

“అడగకుండా ఇస్తున్నారు. చూశావా? మనిషి నిలబడితే కంపెనీ దిగొస్తుంది. మీరంతా కలిసి ఉత్తరం రాద్దామన్నారు, ఏం రాసేవాళ్ళు? కాళ్ళు పట్టుకునేవాళ్ళు.”

“సంతోషంరా కోటిగా. మాక్కూడా వస్తుందంటావా?” అన్నాడు అంకారావు.

“నన్ను చూసి ఇస్తున్నారు. మీకూ ఇస్తారేమో. నేనో మాట వేస్తాలే.”

ఆ రోజుకి చీరాలలో కోటిలింగం అంత పొడుగు మనిషి లేడు.

మర్నాడు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని రెండో కాగితం విప్పాడు. కోటిలింగం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నాంచారమ్మ తలుపు దగ్గర నిలబడింది. అప్పుడే నేసిన తాను తెచ్చిన దానయ్య అరుగు మీద కూర్చున్నాడు. దానయ్య వయసు కోటిలింగం వయసే. ఆగిన తొమ్మిది మగ్గాల్లో రెండు అతని అన్నదమ్ములవి.

మాస్టారు ఒక్కొక్క షరతే తెలుగులో చెప్పుకొచ్చాడు. ఒప్పందం రోజున ఉన్న నూలు కట్ట ధరని మొదలుగా పెట్టుకోవాలి. ఆపైన కట్టకి రూపాయి పెరిగితే తానుకి ఏడు నయాపైసలు పెరుగుతుంది, రూపాయి తగ్గితే ఏడు తగ్గుతుంది. కట్ట ధర ఎంతన్నది మిల్లువాళ్ళ డిపో ఆ నెల మొదటి తారీకున ఇచ్చే రేటు కాగితాన్ని బట్టి. ఇద్దరూ సంతకం పెట్టిన తరవాత ఇచ్చే సరుకుకే ఈ లెక్క, ఇచ్చేసిన దానికి పాత ధరే. వెడల్పు, పోగుల లెక్క, రంగులు, గడువులు అన్నీ అసలు ఒప్పందంలో ఉన్నట్టే. ఈ నెల రేటు కాగితం ప్రకారం లెక్కవేస్తే, ఆ పెంపుతో ఆగిన మగ్గాలు మళ్ళీ లేస్తాయి.

“ఒక కట్టకి పద్నాలుగు తానులు వస్తాయిగా. ఏడు నయాపైసలు సరిపోతుంది” అన్నాడు దానయ్య, తనలో తను.

మాస్టారు కాగితం మొదటికి వచ్చి ఆగాడు. “ఇవన్నీ రాయబోయే ముందు పైన ఒక వాక్యం ఉంది. ‘సరఫరాదారు కోరిన మీదట, కొనుగోలుదారు ఈ క్రింది మార్పులకు అంగీకరించినందున’ అని.”

నాడె ఆగింది.

“ఏ మీదట?”

“సరఫరాదారు కోరిన మీదట.”

“సరఫరాదారు అంటే?”

“సరుకిచ్చేవాళ్ళు. మీరే. అంటే నాంచారమ్మగారు.”

“మేం కోరలేదుగా. నిన్న ఉత్తరంలో వాళ్ళ దృష్టికి వచ్చిందన్నారు.”

“ఉత్తరంలో అట్లా ఉంది. కాగితంలో ఇట్లా ఉంది. సంతకం పెట్టేది కాగితం మీద” అన్నాడు మాస్టారు.

కోటిలింగం గుంటలోంచి పైకి లేచి, రెండు ప్రతులూ తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా కంపెనీ గోడౌనుకి వెళ్ళాడు.

మాబు సాహెబ్ రుమాళ్ళు పరిచి, వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. నేతలో తప్పు కనిపిస్తే గుర్తుగా దారం గుచ్చుతాడు, నోరు విప్పడు. కోటిలింగం చెప్పిందంతా విని, తాను మడిచి పక్కన పెట్టాడు.

“ఆ ఒక్క ముక్క కొట్టెయ్యి సాయిబూ. మిగతాది పువ్వుల్లో పెట్టి సంతకం పెట్టిస్తాను.”

“కొట్టేస్తే పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు చెయ్యాలి. నువ్వు చేస్తావు, వాళ్ళు చెయ్యరు.”

“ఎందుకు చెయ్యరు? అబద్ధం కొట్టెయ్యడానికి అడ్డమా?”

“కోటిలింగం, ఆ మేనేజరు చోట నువ్వు కూర్చుని చూడు. ఒప్పందంలో ధర రాసుంది. పెంచాడు. ఎందుకు పెంచావని డైరెక్టర్లు అడుగుతారు. వాళ్ళు కోరారు, లెక్క చూపించారు, నేను ఒప్పుకున్నాను అంటే సరిపోతుంది. ఎవరూ అడగలేదు, నేనే ఎక్కువిచ్చాను అన్నాడనుకో, ఆడిటరు చొక్కా పట్టుకుంటాడు. అడగందే పెంచడమనేది ఏ కంపెనీ కాగితంలోనూ ఉండదయ్యా.”

“మరి నా మీద గౌరవంతో ఇస్తున్నారనుకున్నానే.”

మాబు సాహెబ్ మీసం కింద నవ్వు దాచుకున్నాడు. “గౌరవానికేం, చాలా ఉంది. కిందటి ఓడకి వెళ్ళిన సరుకులో రెండు బేళ్ళు పల్చగా ఉన్నాయని అక్కడివాళ్ళు తిరగ్గొట్టారు. ఎవరో నూలు కలిసిరాక పేక పోగులు తగ్గించి నేశారు. నీవి కావులే. వాళ్ళ భయం అది. నీ మగ్గాలు ఆగితే వచ్చే ఓడకి మంచి సరుకు లేదు. కొత్త కాగితం రాయించుకోవాలంటే మళ్ళీ డైరెక్టర్ల మీటింగు దాకా ఆగాలి. ఈలోగా పదిహేనో తారీకు పోతుంది. ఆ తరవాత నీకు పాత ధరే.”

కోటిలింగం రెండు ప్రతులూ మడిచాడు. తరవాత అడిగాడు. “అసలు మేం కోరామని వాళ్ళకి చెప్పిందెవరు?”

“నేనే రాశాను, రిపోర్టులో.”

“నీకెవరు చెప్పారు?”

మాబు సాహెబ్ మళ్ళీ తాను విప్పడం మొదలెట్టాడు. “మీ ఇంటికి సరుకు చూడ్డానికి వచ్చినప్పుడు నువ్వు లేవు. మజ్జిగ బాగుంది.”

ఇంటికొచ్చేసరికి మాస్టారు, దానయ్య అరుగు మీదే ఉన్నారు. ఏదో జరుగుతుందని తెలిసి కదల్లేదు. నాంచారమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏమే, సాయిబుని నువ్వు అడిగావా?”

“అడిగాను.”

“ఏమని?”

“అన్నయ్యా, ఈ ధరకి నూలెక్కడ కొనేది, మగ్గాలు ఆగిపోతాయి, మీ వాళ్ళకి ఒక ముక్క రాయండి అన్నాను. ఆయన రాస్తానన్నాడు. అడిగినందుకు మజ్జిగిచ్చాను. ఇంకా అడగమంటారా?”

“నువ్వెవరివే అడగడానికి?”

నాంచారమ్మ సమాధానం వెతుక్కోలేదు. “సరఫరాదారుని” అంది.

మాస్టారు దగ్గాడు. దానయ్య తల తిప్పుకుని వీధిలోకి చూశాడు. కోటిలింగం ఇన్నేళ్ళుగా వేలితో చూపించి సంతకం పెట్టించిన మనిషి ఇవాళ ఆ మాట ఇంగ్లీషు కాగితంలోంచి ఏరుకుని మరీ వాడుకుంది.

“నేను సంఘంలో ఏమన్నానో తెలుసా నీకు?”

“ఊరందరికీ తెలుసు. మా ఇంటినించి అన్నారు. ఇంటినించే అడిగాను. మీరు హాల్లో ఉన్న పూటే అడిగాను, ఆ తరవాత తెలిసింది మీరు ఆ మాట అన్నారని.”

“అయితే పెట్టొద్దు సంతకం.”

నాంచారమ్మ అరుగు మీదున్న దానయ్య వైపు ఒకసారి చూసింది. “దానయ్యా, మీ తమ్ముడి మగ్గం ఆగి ఎన్నాళ్ళయింది?”

“వినాయకచవితికి ముందమ్మా. ఇప్పుడు పొగాకు గోడౌను పనికి పోతున్నాడు.”

“చేతిలో పనున్నవాడు ఆకు మోస్తున్నాడు” అంది ఆవిడ, మొగుడి వైపు తిరిగి. “మీరు నాడె ముట్టకపోతే మీ ఒక్క మగ్గం ఆగుతుంది. నేను సంతకం పెట్టకపోతే మిగిలిన ఇరవై ఒకటీ ఆగుతాయి. నాకూ బాధగానే ఉంది. అయినా ఇంకేం చెయ్యను? మాస్టారూ, ఎక్కడ పెట్టాలో చూపించండి.”

మాస్టారు చూపించాడు. ప్రతి పేజీ కింద ఒకటి, చివర పేరు మీద ఒకటి, రెండు ప్రతుల మీదా. సాక్షులుగా మాస్టారు ఒక సంతకం, దానయ్య ఒక సంతకం. అసలు ఒప్పందం తారీకు కాగితంలో సరిగ్గా పడిందో లేదో మాస్టారు పాత కాగితం తెప్పించి సరిచూశాడు. అది తప్పైతే తోక ఎవరిదో తెలియకుండా పోతుందన్నాడు. దానయ్య ఆ ప్రతులున్న కవరు పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళి రిజిస్టరు చేసొచ్చాడు.

కోటిలింగం మగ్గం దగ్గరికి వెళ్ళి, సగం నేసిన రుమాలు మీద నాడె అడ్డంగా పెట్టి, పైన తుండుగుడ్డ కప్పి, బయటికి వచ్చాడు.

ఒక ప్రతి కంపెనీ సంతకంతో తిరిగొచ్చింది. తొమ్మిది మగ్గాలూ లేచాయి. ఆ నెలలోనే అంకారావుకి, మిగతా షావుకార్లకి కూడా అలాంటి కాగితాలే వచ్చాయి. అన్నిటి మీదా సరఫరాదారు కోరిన మీదట అనే ఉంది. వాళ్ళెవరూ కోరలేదు. కోరలేదని ఎవరూ బాధపడలేదు కూడా. అంకారావు అయితే ఆ వాక్యం చదివించుకోకుండానే సంతకం పెట్టాడు.

వీధిలో మొదట ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. కోటిలింగం దాన్నే ఎక్కువ భరించలేకపోయాడు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, చెయ్యడానికి ఏమీ లేక అరుగు మీద కూర్చునేవాడు. అటు పోయేవాళ్ళకి తన ఒట్టు గురించి తనే వివరించేవాడు.

“నీ ఒట్టు అడగనని కదా. నువ్వు అడగలేదు. అడిగింది ఆవిడ” అన్నాడు మాస్టారు ఒకరోజు, జాలిపడి.

“మా ఇంటినించి అన్నాను మాస్టారూ. నోరుజారినా అన్నమాట అన్నమాటే. ఆవిడది మా ఇల్లు కాదంటే అంతకంటే అప్రతిష్ఠ.”

ఆఖరికి అంకారావు మాత్రం అరుగు ముందు ఆగి, “ఏరా కోటిగా, కంపెనీవాళ్ళు నన్ను కూడా చూసి ఇచ్చారురా” అన్నాడు. కోటిలింగం లేచి లోపలికి పోయాడు.

కార్తీకంలో ముసురు పట్టింది. సముద్రం వైపు నుంచి గాలి, సన్నగా వాన. గంజి పట్టిన పడుగు మగ్గం మీద వదిలేస్తే ఆ చెమ్మకి ఏమవుతుందో ఆ వీధిలో చెప్పనక్కర్లేదు. బొద్దింకలు చేరతాయి, గంజి పులిసి బూజు పడుతుంది, పోగు పోగుకీ బలం పోతుంది. ముందుగది తలుపు తీస్తే పుల్లటి వాసన రావడం మొదలైంది. కోటిలింగం ఆ గది వైపు వెళ్ళడం మానేశాడు. అన్నం కూడా పెరటి వైపు కూర్చుని తినేవాడు. నాంచారమ్మకి చూడబుద్ధి కాక దానయ్యకి కబురు పెట్టింది.

దానయ్య వచ్చి తుండుగుడ్డ తీశాడు. బొద్దింకల్ని దులిపాడు, తెగిన పోగులు ముడివేశాడు, గుంటలోకి దిగి నేయడం మొదలెట్టాడు. చప్పుడు విని కోటిలింగం పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

నాలుగు వేళ్ళ మేర నేసేసరికి, “ఆపు” అన్నాడు.

“ఏమైందండీ షావుకారు గారూ?”

“కింద నా నేత, పైన నీ నేత. మధ్యలో గీత గీసినట్టు లేదూ?”

దానయ్య వంగి చూశాడు. నిజమే. పేకని బిగించే పన్నె లాగి కొట్టే దెబ్బ మనిషి మనిషికీ వేరు. దానయ్యది బలమైన చెయ్యి, పేక బిగిసిపోయి రంగు చిక్కబడింది. రుమాలు సగంలో చెయ్యి మారితే వెలుతురుకి ఎత్తగానే తెలిసిపోతుంది. మాబు సాహెబ్ దారం గుచ్చి పక్కన పడేస్తాడు.

“విప్పెయ్” అన్నాడు కోటిలింగం. దానయ్య నేసింది విప్పాడు. “ఇప్పుడు మెత్తగా కొట్టు. మరీ అంత మెత్తగా కాదు. పోగు మీద పడ్డాక లాక్కో. కాదు, ముందే లాగుతున్నావు. పాలకుండలో పెరుగు తోడు కలుపుతామే, అట్లా. అబ్బ, అట్లా కాదయ్యా.”

దానయ్య చెప్పినట్టే చేశాడు. ముప్పై ఏళ్ళుగా నేస్తున్నవాడు, పని తెలియక కాదు. కానీ ఒకడి చెయ్యి ఇంకొకడికి మాటల్లో ఇవ్వడం కుదిరేది కాదు. కోటిలింగం ఆ పూట చెప్పిన మాటలు అతను సంఘం హాల్లో జన్మంతా చెప్పినవాటి కంటే ఎక్కువ. పెరుగుతో పోల్చాడు, తలుపు గడియతో పోల్చాడు, పసిపిల్ల వీపు తట్టడంతో పోల్చాడు. దానయ్య మళ్ళీ నేశాడు, మళ్ళీ విప్పాడు. మూడోసారి విప్పుతుంటే బలహీనపడ్డ పడుగులో నాలుగు పోగులు టప్పున తెగాయి.

దానయ్య చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇంకొకసారి విప్పితే ఈ పడుగు నిలవదండీ” అన్నాడు, అంతే. ఒట్టు ఊసెత్తలేదు. నాంచారమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడా ఎత్తలేదు.

కోటిలింగం తెగిన పోగుల వైపు చూశాడు. ఎరుపువి రెండు, పసుపువి రెండు. ఎవరో తన ఒంటి మీద గిచ్చినట్టు మొహం పెట్టాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

“లే దానయ్యా.”

దానయ్య లేచాడు. కోటిలింగం గుంటలోకి దిగి, నాలుగు పోగులూ వేలికొనలతో ముడివేసి, కాలిపలకలు సర్దుకున్నాడు. నాడె మీద చెయ్యి వెయ్యబోయి, వీధి వైపు చూశాడు. ముసురులో కూడా ఎదురరుగు మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. అంకారావు ఒకడు.

“ఆ తలుపు వెయ్యి” అన్నాడు మెల్లిగా.

“వేస్తే వెలుతురు ఎట్లా వస్తుందండీ? గీత ఎక్కడుందో మీకు కనపడొద్దూ?”

కోటిలింగం గది గోడల వైపు చూశాడు. గదికి ఒక్క కిటికీ కూడా లేదు. కావాలనే పెట్టించలేదు. వీధి వైపు నుంచి వచ్చే వెలుతురు సూటిగా బట్ట మీద పడితే తప్ప రంగు తెలియదని ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో తనే వాదించాడు.

“రెండో రెక్క కూడా తియ్యి అయితే” అన్నాడు.

దానయ్య తీశాడు. ఎదురరుగు మీదివాళ్ళు మాట ఆపి ఇటు తిరిగారు. కోటిలింగం తల వంచుకుని, నాడె అందుకుని, పడుగు పోగుల మధ్యకి విసిరాడు.